12 వోల్ట్ల నుంచి 5 వోల్ట్లకు బక్ కన్వర్టర్: కెపాసిటర్లు మార్చి చూసిన డైరీ

పని ఇది: 12 వోల్ట్ల బ్యాటరీ నుంచి 5 వోల్ట్లు, 2 ఆంపియర్లు తీసి ఒక చిన్న కంప్యూటర్ బోర్డుకూ కెమెరాకూ ఇవ్వాలి. ఎల్‌ఎం2596 ఐసీతో రెడీగా దొరికే నీలం రంగు మాడ్యూల్ తీసుకున్నాను. లోడు పెరిగినప్పుడల్లా కంప్యూటర్ బోర్డు వోల్టేజీ తక్కువైందని హెచ్చరిక చూపించింది. మల్టీమీటరు మాత్రం 5.05 వోల్ట్లు నిలకడగా చూపిస్తోంది. మీటరు సగటు చూపిస్తుంది కాబట్టి, తేడా ఆ సగటు వెనక దాక్కుంది. ఇదే మాడ్యూల్ వాడేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి కొలతలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

సామాన్లు: ఆసిల్లోస్కోప్, 50 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న ఫంక్షన్ జనరేటర్, కరెంటు లిమిట్ ఉన్న బెంచ్ పవర్ సప్లయి, మామూలు మల్టీమీటరు, థర్మోకపుల్. ఎల్‌సీఆర్ మీటరు నా దగ్గర లేదు. లేకపోయినా పని అయ్యింది.

## దశ 1: ఉన్నది ఉన్నట్టుగా కొలవడం

లోడు కోసం 5 ఓమ్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు రెండు పక్కపక్కనే సమాంతరంగా కట్టాను. 5 వోల్ట్ల దగ్గర సరిగ్గా 2 ఆంపియర్లు లాగుతాయి. బాగా కాలుతాయి, పలక మీద పెట్టండి.

1. స్కోప్ ప్రోబ్‌కున్న పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి, ప్రోబ్ మొన దగ్గర చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ పెట్టాలి. పొడవాటి వైరు యాంటెన్నాలా పనిచేసి లేని స్పైకులు చూపిస్తుంది.
2. బ్యాండ్‌విడ్త్ లిమిట్ 20 మెగాహెర్ట్జ్‌కు పెట్టాలి.
3. ప్రోబ్‌ను అవుట్‌పుట్ కెపాసిటర్ కాళ్ళ మీదే ఆనించాలి, టెర్మినల్ దగ్గర కాదు.
4. ఐసీ స్విచ్ పిన్ మీద ఫ్రీక్వెన్సీ చూడాలి.

నాలుగో అడుగు వదిలేయకండి. ఎల్‌ఎం2596 నడవాల్సింది 150 కిలోహెర్ట్జ్‌లో. అదే పేరు ముద్రించుకుని 50 కిలోహెర్ట్జ్ దగ్గర నడిచే చవక ఐసీలు బజారులో బాగానే తిరుగుతున్నాయి. అలాంటిది తగిలితే కింద చెప్పిన రిపుల్ కరెంటు మూడింతలవుతుంది, లెక్కలన్నీ మారిపోతాయి. నాది 150 దగ్గరే ఉంది.

2 ఆంపియర్ల లోడు మీద అవుట్‌పుట్ రిపుల్ 190 మిల్లీవోల్ట్లు, కొన నుంచి కొనకు. దాని ఆకారం రంపం పళ్ళలా ఉంది. ఈ ఆకారమే అసలు ఆధారం. కాయిల్‌లో కరెంటు కూడా ఇలాగే త్రిభుజంలా ఎక్కి దిగుతుంది. కెపాసిటర్ నిజంగా చార్జి నింపుకుంటూ వదులుతూ ఉంటే వోల్టేజీ గుండ్రటి వంపులతో ఉండాలి. వోల్టేజీ అచ్చం కరెంటు ఆకారంలోనే ఉందంటే అక్కడ ఎక్కువగా పనిచేస్తున్నది కెపాసిటెన్స్ కాదు, కెపాసిటర్ లోపల సిరీస్‌లో ఉన్న రెసిస్టెన్స్. దాన్నే ఈఎస్‌ఆర్ అంటాం.

లెక్క వేసి చూద్దాం. కాయిల్ కరెంటు ఎక్కి దిగే ఆ తేడాయే రిపుల్ కరెంటు, కింది లెక్కలో dI. మాడ్యూల్ మీద కాయిల్ 33 మైక్రోహెన్రీలు, అవుట్‌పుట్ కెపాసిటర్ 220 మైక్రోఫారడ్‌లు.

```
dI = (Vin - Vout) * (Vout/Vin) / (L * f)
   = 7 * 0.417 / (33e-6 * 150e3)  = 0.59 A

కెపాసిటెన్స్ వల్ల: dI / (8 * f * C) = 2.2 mV
ESR వల్ల:          dI * ESR
```

డబ్బా మీద ఉన్న 220 అనే అంకె వల్ల రావాల్సిన రిపుల్ 2 మిల్లీవోల్ట్ల పైచిలుకే. మిగతా 188 ఈఎస్‌ఆర్ ఖాతాలోదే. తిరగేసి భాగిస్తే ఈఎస్‌ఆర్ 0.3 ఓమ్ చుట్టూ ఉండాలి. దాన్ని విడిగా కొలిచి చూడాలి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹100 (మాడ్యూల్ 70, రెసిస్టర్లు 30). రిపుల్ 190 మిల్లీవోల్ట్లు.

## దశ 2: ఈఎస్‌ఆర్ కొలిచే ఏర్పాటు

1. జనరేటర్‌ను 100 కిలోహెర్ట్జ్ సైన్‌కు, లోడు లేకుండా కొన నుంచి కొనకు 10 వోల్ట్లకు పెట్టాలి.
2. బోర్డు నుంచి ఊడదీసిన కెపాసిటర్‌ను నేరుగా జనరేటర్ అవుట్‌పుట్‌కు కట్టాలి. జనరేటర్ లోపలి 50 ఓమ్‌ల వల్ల దాదాపు 0.2 ఆంపియర్ల కరెంటు పారుతుంది.
3. కెపాసిటర్ కాళ్ళ మొదట్లో వోల్టేజీ చూసి 0.2తో భాగించాలి.

220 మైక్రోఫారడ్‌ల రియాక్టెన్స్ 100 కిలోహెర్ట్జ్ దగ్గర 7 మిల్లీఓమ్‌లే. కాబట్టి స్కోప్ మీద కనబడేదంతా ఈఎస్‌ఆర్ అనుకోవచ్చు.

ఏర్పాటు సరిగా ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. దీనికి ఫిల్మ్ కెపాసిటర్ పనికొచ్చింది. 1 మైక్రోఫారడ్, 100 వోల్ట్ల పాలియెస్టర్ ఫిల్మ్ ఒకటి కట్టాను. ఫిల్మ్‌లో ప్లాస్టిక్ పొర మీద లోహం పూత ఉంటుంది. ఉష్ణోగ్రత మారినా, మీద వోల్టేజీ ఉన్నా లేకపోయినా దాని విలువ పెద్దగా కదలదు, ఈఎస్‌ఆర్ చాలా తక్కువ. అందుకే కొలబద్దగా నమ్మవచ్చు. లెక్క ప్రకారం 1.59 ఓమ్‌ల రియాక్టెన్స్, అంటే 318 మిల్లీవోల్ట్లు రావాలి. 320 వచ్చింది. తర్వాత రెండు కొనలూ షార్ట్ చేసి చూస్తే 2 మిల్లీవోల్ట్లు మిగిలాయి. అంటే 10 మిల్లీఓమ్‌ల కింద ఈ ఏర్పాటు చెప్పే మాటకు విలువ లేదు.

మాడ్యూల్ కెపాసిటర్ల మీద వచ్చినవి:

- అవుట్‌పుట్ 220 మైక్రోఫారడ్: 62 మిల్లీవోల్ట్లు, 0.31 ఓమ్
- ఇన్‌పుట్ 100 మైక్రోఫారడ్: 76 మిల్లీవోల్ట్లు, 0.38 ఓమ్

0.59ను 0.31తో గుణిస్తే 183 మిల్లీవోల్ట్లు. కొలిచింది 190. దశ 1లో రంపం ఆకారం చెప్పింది నిజమే.

ఫిల్మ్ అంత మంచిదైతే దాన్నే అవుట్‌పుట్‌లో పెట్టేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 1 మైక్రోఫారడ్‌తో లెక్క ప్రకారం రిపుల్ అర వోల్ట్ దాకా వస్తుంది. అందులో పదింతల ఫిల్మ్ తెస్తే దానికే మాడ్యూల్‌లో సగం చోటు పోతుంది. ప్లాస్టిక్ పొరను కొంతకంటే పలచన చేయలేరు, ఫిల్మ్‌కు ఉన్న ఇబ్బంది అదే. దాని చోటు వేరే: ఆడియో, టైమింగ్, ఏసీ కరెంటు ఉన్నచోట. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌కు ఉండే 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ పాలీప్రొపిలీన్ ఫిల్మే. ప్లస్, మైనస్ లేవు కాబట్టే ఏసీలో బతుకుతుంది. లోపల ఎక్కడైనా చిన్న చిల్లు పడితే చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరైపోయి చిల్లు దానంతటదే మూసుకుంటుంది. అలా మూసుకున్న ప్రతిసారీ విలువ కొంచెం తగ్గుతుంది. ఏళ్ళు గడిచాక ఫ్యాన్ నెమ్మదించడానికి ఇదొక కారణం.

ఇప్పటిదాకా: ఖర్చు ₹115. రిపుల్ ఇంకా 190.

## దశ 3: ఎలక్ట్రోలైటిక్‌ను ఎలక్ట్రోలైటిక్‌తోనే మార్చడం

కోఠిలో అడిగితే కౌంటర్‌లోని కుర్రాడు, "అన్నా, 220 కావాలంటే ఇదిగో, దానికీ దీనికీ తేడా ఏముంది?" అంటూ రెండు రకాలూ ముందు పెట్టాడు. రెండూ 220 మైక్రోఫారడ్, 35 వోల్ట్లు, 105 డిగ్రీలు. ఒకటి మామూలుది. రెండోది ఎస్‌ఎంపీఎస్‌ల కోసం చేసిన లో ఈఎస్‌ఆర్ రకం, డబ్బా కాస్త పొడుగు. నాలుగు తీసుకున్నాను, ఒక్కోటి ₹12. ఇంటికొచ్చి కొలిస్తే 14 మిల్లీవోల్ట్లు, అంటే 0.07 ఓమ్. విలువ అదే, ఈఎస్‌ఆర్ నాలుగో వంతుకన్నా తక్కువ.

అవుట్‌పుట్‌లో పెట్టగానే రిపుల్ 190 నుంచి 45కు దిగింది. హెచ్చరిక ఆగిపోయింది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఈ మాడ్యూల్‌లో ముందు చచ్చేది అవుట్‌పుట్ కెపాసిటర్ కాదు, ఇన్‌పుట్‌ది. అవుట్‌పుట్ వైపు కాయిల్ ఉంది కాబట్టి కెపాసిటర్‌లోకి వచ్చే కరెంటు చిన్న త్రిభుజమే, ఆర్‌ఎంఎస్ లెక్కలో 0.17 ఆంపియర్. ఇన్‌పుట్ వైపు ఐసీ స్విచ్ ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగి, ఒక్కసారిగా ఆపేస్తుంది. ఆ కోతలన్నీ మోసేది ఇన్‌పుట్ కెపాసిటరే.

```
D = 5/12 = 0.417
Irms = 2 * sqrt(D * (1 - D)) = 0.99 A
P = Irms^2 * ESR
పాతది  (0.38 ohm): 0.37 W
కొత్తది (0.07 ohm): 0.07 W
```

చిటికెన వేలు మొనంత డబ్బాలో 0.37 వాట్ అంటే చిన్న సంగతి కాదు. గది 34 డిగ్రీలు ఉన్నప్పుడు పాత ఇన్‌పుట్ కెపాసిటర్ తల మీద థర్మోకపుల్ 68 చూపించింది. ఇందులో పక్కనున్న ఐసీ వేడి కూడా కలిసి ఉంది. కొత్తది పెట్టాక 47. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఎలక్ట్రోలైటిక్ ఆయుష్షు రెట్టింపవుతుందనేది తయారీదార్లే వాడే మోటు లెక్క. ఆ ప్రకారం ఇక్కడ నాలుగింతలు. ఇందులో ఒక విషచక్రం కూడా ఉంది. వేడికి లోపలి ద్రవం రబ్బరు సీలు గుండా కొద్దికొద్దిగా ఆరిపోతుంది, ఆరేకొద్దీ ఈఎస్‌ఆర్ పెరుగుతుంది, ఈఎస్‌ఆర్ పెరిగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. తల ఉబ్బకుండానే ఇలా చెడిపోయిన కెపాసిటర్లు బోలెడు. మల్టీమీటర్‌లోని కెపాసిటెన్స్ మోడ్ తక్కువ ఫ్రీక్వెన్సీలో కొలుస్తుంది కాబట్టి 100కి 90 చూపించి బాగుందనేస్తుంది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2 ఓమ్‌ల రెసిస్టర్‌లా ప్రవర్తిస్తూ ఉండొచ్చు.

ఫ్యూజు లేని మాడ్యూళ్ళలో ఇన్‌పుట్ కెపాసిటర్ మీద వేలు పెట్టి వేడి చూడాలనుకునేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోండి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹163. రిపుల్ 45. ఇన్‌పుట్ కెపాసిటర్ 47 డిగ్రీలు.

## దశ 4: సిరామిక్ మాత్రమే పెడితే

ఈఎస్‌ఆర్ తగ్గించడమే లక్ష్యమైతే సిరామిక్‌ను మించింది లేదు. 22 మైక్రోఫారడ్, 10 వోల్ట్లు, ఎక్స్5ఆర్ రకం, 0805 సైజువి పది తెచ్చాను, ₹60. ఈ చిప్‌ల మీద ఏ అంకే ఉండదు. పట్టీ నుంచి తీసి బల్ల మీద పడేస్తే 22 ఏదో 1 ఏదో దేవుడికే తెలియాలి.

ముందు 100 కిలోహెర్ట్జ్ ఏర్పాటులో పెట్టాను. 17 మిల్లీవోల్ట్లు, అంటే 85 మిల్లీఓమ్‌లు. ఇది ఈఎస్‌ఆర్ కాదు. 22 మైక్రోఫారడ్ చిన్నది కాబట్టి ఈ ఫ్రీక్వెన్సీలో దాని రియాక్టెన్సే అంత ఉంటుంది. ఈఎస్‌ఆర్ నా ఏర్పాటుకు అందనంత తక్కువ.

తర్వాత, మీద వోల్టేజీ ఉన్నప్పుడు అందులో ఎంత మిగులుతుందో చూశాను.

1. జనరేటర్ నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ గుండా కెపాసిటర్‌కు 1 వోల్ట్ సైన్ ఇవ్వాలి.
2. ఫ్రీక్వెన్సీ పెంచుతూ కెపాసిటర్ మీది సిగ్నల్ 0.707 వంతుకు పడిపోయే చోటు పట్టుకోవాలి.
3. జనరేటర్‌లో 5 వోల్ట్ల డీసీ ఆఫ్‌సెట్ పెట్టి మళ్ళీ అదే చేయాలి.

స్కోప్ డీసీ కప్లింగ్‌లోనే ఉండాలి. ఏసీ కప్లింగ్‌లో పెడితే ఈ కొద్ది హెర్ట్జ్‌ల దగ్గర స్కోపే సిగ్నల్‌ను కోసేసి తప్పు చెబుతుంది.

సిరామిక్: ఆఫ్‌సెట్ లేనప్పుడు 8 హెర్ట్జ్, అంటే 19 మైక్రోఫారడ్‌లు. 5 వోల్ట్లు ఉన్నప్పుడు 16 హెర్ట్జ్, అంటే 9.5 మైక్రోఫారడ్‌లు. 10 వోల్ట్ల రేటింగ్ ఉన్న చిప్‌కు 5 వోల్ట్లు ఇస్తేనే సగం పోయింది. పోల్చడానికి ఫిల్మ్‌ను కూడా ఇలాగే చూశాను: ఆఫ్‌సెట్ ఉన్నా లేకపోయినా 152 హెర్ట్జే, కదల్లేదు. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ రకాల్లో వాడే బేరియం టైటనేట్ స్వభావమే అంత. డీసీ వోల్టేజీ దాన్ని ఒక దిక్కుకు లాగి పెడితే చిన్న సిగ్నల్‌కు స్పందించే శక్తి తగ్గిపోతుంది. సీ0జీ రకం సిరామిక్‌లో ఈ జబ్బు లేదు కానీ దాంట్లో ఇంత పెద్ద విలువలు దొరకవు.

సరే, రెండు చిప్‌లు కలిపితే 19 మైక్రోఫారడ్‌లు. లెక్క ప్రకారం రిపుల్ 26 మిల్లీవోల్ట్లే. ఎలక్ట్రోలైటిక్ ఊడదీసి ఈ రెండూ అతికించాను.

ఆన్ చేయగానే కాయిల్ సన్నగా కీచుమంది. స్కోప్ మీద 150 కిలోహెర్ట్జ్ రిపుల్ చిన్నగానే ఉంది, కానీ అది మొత్తంగా దాదాపు 12 కిలోహెర్ట్జ్‌తో ఊగే పెద్ద అల మీద స్వారీ చేస్తోంది. ఆ అల 300 మిల్లీవోల్ట్లు. మాడ్యూల్ కొత్తగా వచ్చినప్పటి కంటే ఇది అధ్వానం.

కారణం ఇది. కాయిల్, అవుట్‌పుట్ కెపాసిటర్ కలిసి ఒక రెజొనెన్స్. అది దాటాక సిగ్నల్ దశ 180 డిగ్రీల దాకా వెనకబడుతుంది. ఎల్‌ఎం2596 పాత తరం ఐసీ. లోపలి ఫీడ్‌బ్యాక్ సర్దుబాటు అంతా అవుట్‌పుట్‌లో ఎలక్ట్రోలైటిక్ ఉంటుందని, దాని ఈఎస్‌ఆర్ వెనకబడిన ఆ దశను కొంత ముందుకు తెస్తుందని నమ్మి చేసినది. 220 మైక్రోఫారడ్, 0.07 ఓమ్ అయితే ఆ సాయం 10 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, సరిగ్గా కావాల్సిన చోట. సిరామిక్‌లో ఈఎస్‌ఆర్ కొన్ని మిల్లీఓమ్‌లే కాబట్టి ఆ సాయం మెగాహెర్ట్జ్‌ల దగ్గరెక్కడో వస్తుంది, అప్పటికే ఆలస్యం. ఐసీ అవుట్‌పుట్‌ను సరిదిద్దబోయి దాన్నే ఊపుతుంది. అందుకే దీని డేటాషీట్ ఈఎస్‌ఆర్ మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా కుదరదంటుంది. సిరామిక్‌తో నడిచేలా చేసిన కొత్త ఐసీలు వేరే ఉన్నాయి. వాటికి ఈ మాట వర్తించదు.

ఇన్‌పుట్‌లో కూడా సిరామిక్ ఒక్కటే పెట్టి చూశాను: 10 మైక్రోఫారడ్, 50 వోల్ట్లు, మీటరు పొడవు వైర్లు. బ్యాటరీ క్లిప్ తగిలించగానే ఇన్‌పుట్ 21 వోల్ట్లకు ఎగిరి, కొన్ని ఊపులు ఊగి 12 దగ్గర ఆగింది. వైర్ల ఇండక్టెన్స్‌కూ సిరామిక్‌కూ మధ్య ఊపును తినేయడానికి అక్కడ రెసిస్టెన్స్ లేదు. 12 వోల్ట్ల దగ్గర ఐసీ తట్టుకుంది. ఇదే 24 వోల్ట్ల బ్యాటరీ మీద చేస్తే ఎగురుడు ఐసీ హద్దు అయిన 45 వోల్ట్ల దాకా పోగలదు. ఎలక్ట్రోలైటిక్ పక్కన పెట్టగానే ఎగురుడు 13 దగ్గర ఆగింది.

చివరికి అవుట్‌పుట్‌లో స్థిరపడిన కలయిక: లో ఈఎస్‌ఆర్ 220 రెండు సమాంతరంగా, పక్కనే ఒకే ఒక్క 22 సిరామిక్. రెండు ఎలక్ట్రోలైటిక్‌ల వల్ల ఈఎస్‌ఆర్ 0.035కు దిగి రిపుల్ 22 అయ్యింది. సిరామిక్ వల్ల ఆ రిపుల్‌లో పెద్ద మార్పు లేదు. అది తగ్గించింది స్విచ్ అంచుల దగ్గర వచ్చే సన్నని స్పైకులను. బ్యాండ్‌విడ్త్ లిమిట్ తీసేసి చూస్తే అవి 120 నుంచి 40కి వచ్చాయి. ఒక రెసిస్టర్‌ను మాస్‌ఫెట్‌తో ఆన్, ఆఫ్ చేస్తూ లోడును 1 నుంచి 2 ఆంపియర్లకు గెంతించి చూశాను: వోల్టేజీ ఒక్కసారి కుంగి లేచి నిలబడింది, ఊగలేదు.

ఇప్పటిదాకా: ఖర్చు ₹223. రిపుల్ 22.

## దశ 5: పోలారిటీ, తిప్పి పెడితే ఏమవుతుంది

బ్యాటరీ క్లిప్‌లు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తిప్పి పెడతారు. పెట్టెలో కూర్చునే సర్క్యూట్‌కు ఇది తప్పదు కాబట్టి ముందే చూశాను. 10 మైక్రోఫారడ్, 25 వోల్ట్ల చిన్న ఎలక్ట్రోలైటిక్‌లు, ఒక్కోదానికి సిరీస్‌లో 1 కిలోఓమ్. రెసిస్టర్ మీద 1 మిల్లీవోల్ట్ వస్తే 1 మైక్రోఆంపియర్ లీకేజీ అన్నట్టు. రేకు డబ్బాలో పెట్టి, మూత వేసి చేశాను.

- సరైన దిశలో 12 వోల్ట్లు, కొన్ని నిమిషాల తర్వాత: 2 మైక్రోఆంపియర్లు
- తిప్పి 1 వోల్ట్: 20 చుట్టూ, నెమ్మదిగా పెరుగుతూ
- తిప్పి 5 వోల్ట్లు: కెపాసిటర్ మీద 2.4 వోల్ట్లే నిలిచాయి, మిగతాదంతా రెసిస్టర్ మీద. కరెంటు 2.6 మిల్లీఆంపియర్లు

మూడో వరుస చూడండి. ఆ క్షణానికి అది కెపాసిటర్‌గా లేదు, కరెంటును పోనిచ్చే వస్తువైంది. ఎలక్ట్రోలైటిక్‌లో డైఎలక్ట్రిక్ అంటే ప్లస్ వైపు అల్యూమినియం రేకు మీద పెంచిన ఆక్సైడ్ పొర. వోల్ట్‌కు ఒకటిన్నర నానోమీటర్ల లోపే మందం. ఇంత పలచన కాబట్టే చిన్న డబ్బాలో 220 పడుతుంది. ఆ పొర ఒక దిశలోనే ఆపుతుంది. మైనస్ రేకు మీద గాలికి సహజంగా ఏర్పడిన పొర ఒక వోల్ట్, ఒకటిన్నర దాకా తట్టుకుంటుంది, ఆపై చేతులెత్తేస్తుంది. కరెంటు పారితే ద్రవంలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, వేడి వస్తుంది. డబ్బా తల మీద ఉండే గీతలు ఆ ఒత్తిడి అక్కడే చీలి బయటికి పోవడానికి. 1 కిలోఓమ్ ఉంది కాబట్టి నాది వెచ్చబడి ఊరుకుంది. రెసిస్టర్ లేకుండా ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీకి కట్టి చూడాలని ప్రయత్నించకండి.

అదే కెపాసిటర్‌ను మళ్ళీ సరైన దిశలో పెడితే లీకేజీ 60 దగ్గర మొదలై, మెల్లగా దిగింది. పొర మళ్ళీ పెరిగింది, కానీ దాన్ని పనిలో పెట్టను. సిరామిక్, ఫిల్మ్‌లను ఇదే డబ్బాలో రెండు దిశల్లోనూ చూశాను, మీటరు కదల్లేదు.

గుర్తుల విషయంలో చిక్కు ఉంది. అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ మీద చార మైనస్‌ను చూపిస్తుంది, కొత్తదానికి పొడవు కాలు ప్లస్. పసుపు రంగు టాంటలం చిప్ మీద చార మాత్రం ప్లస్. టాంటలం తిరగబడితే వెచ్చబడి ఊరుకోదు, మంటే రావచ్చు. బోర్డు మీద సగం నింపిన వలయం ఎక్కువగా మైనస్, కానీ ఒక్కో బోర్డుది ఒక్కో తీరు. గ్రౌండ్‌కు ఏ రంధ్రం కలుస్తుందో మల్టీమీటర్ బీప్‌తో చూసుకుని అతికించడమే నయం.

రక్షణకు ఇన్‌పుట్‌లో సిరీస్‌గా ఒక షాట్కీ డయోడ్, 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. పూర్తి లోడులో ఇన్‌పుట్ కరెంటు 1 ఆంపియర్ పైన ఉంటుంది, డయోడ్ మీద 0.4 వోల్ట్లు పోతాయి, అంటే 0.4 వాట్ దండగ. పీ చానల్ మాస్‌ఫెట్ పెడితే ఇదీ మిగులుతుంది. బ్యాటరీ పెద్దదే కాబట్టి నేను పట్టించుకోలేదు. క్లిప్‌లు తిప్పి పెట్టి చూశాను: అవుట్‌పుట్ సున్నా, ఇన్‌పుట్ కెపాసిటర్ మీద సున్నా, సరిచేయగానే మామూలుగా లేచింది.

మొత్తం: ఖర్చు ₹268 (చిన్న కెపాసిటర్లు 10, డయోడ్, ఫ్యూజు హోల్డర్ 35 కలిపి). రిపుల్ 190 నుంచి 22 మిల్లీవోల్ట్లకు. ఇన్‌పుట్ కెపాసిటర్ 68 నుంచి 47 డిగ్రీలకు.

ఒక లో ఈఎస్‌ఆర్ 220 మిగిలింది. దాని 0.07 రాసి పక్కన పెట్టాను. వచ్చే ఎండాకాలం అయిపోయాక ఇన్‌పుట్‌లోదాన్ని ఊడదీసి, రెండింటినీ 100 కిలోహెర్ట్జ్ దగ్గర పక్కపక్కనే కొలుస్తాను. 0.14 దాటితే మారుస్తాను.